ఆదివారం సాయంత్రం గుబులు: సోమవారం ఏ గంట గురించి?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీఏ చేసి విజయవాడలో ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో రిలేషన్‌షిప్ ఆఫీసర్‌గా పనిచేస్తోంది. చేరి 14 నెలలైంది. మొదట్లో హుషారుగానే వెళ్లేది. రెండు మూడు నెలలుగా ఆదివారం సాయంత్రం ఐదు దాటితే చాలు, మాట ఉండదు, అన్నం సహించదు. అడిగితే "ఏం లేదమ్మా, రేపు సోమవారం కదా" అంటుంది. ఇది బద్ధకమా? ఉద్యోగమన్నాక అందరికీ ఇంతేనా? మానేసి ప్రభుత్వ బ్యాంకు పరీక్షలు రాసుకోమని చెప్పనా?
– ఒక తల్లి, గుడివాడ

జవాబు: అమ్మా, బద్ధకమే అయితే మొదటి నెలలోనే బయటపడేది. ఏడాది పాటు బాగా వెళ్లిన పిల్లకు ఆ తర్వాత గుబులు పట్టుకుందంటే, ఏడాది దాటాకే ఎదురయ్యేది ఏదో ఆ పనిలో ఉందేమో చూడాలి. బ్రాంచిలో సేల్స్ చేసేవాళ్లకు అలాంటిది ఒకటుంది. అది బీమా పాలసీల రెండో ప్రీమియం.

ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు ఖాతాలు తెరిపించడంతో పాటు బీమా పాలసీలు కూడా అమ్మాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యూవల్‌కు వచ్చిన పెద్దవాళ్లకు "ఇందులో పెడితే ఇంకా ఎక్కువొస్తుంది" అని చెప్పి పాలసీ రాయించడం చాలా బ్రాంచిల్లో మామూలైపోయింది. పాలసీ చేతికి అందాక 30 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయొచ్చు. కానీ ఒక్కసారి కడితే చాలనుకున్నవాళ్లకు ఆ సంగతే తెలియదు. సరిగ్గా ఏడాదికి రెండో ప్రీమియం కట్టమని మెసేజ్ వస్తుంది. అప్పుడు వాళ్లు వెతుక్కుంటూ వచ్చేది కంపెనీ దగ్గరికి కాదు, సంతకం పెట్టించిన పిల్లల దగ్గరికి.

మీ అమ్మాయి విషయంలో ఇదే జరిగిందని నేను అనను. కానీ రెండేళ్ల కిందట ఇదే బాధతో ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. సోమవారం అంటే ఎందుకు భయమని అడిగితే "టార్గెట్లు సార్" అన్నాడు. అందరూ చెప్పే మాటే అది. నేను నమ్మలేదు. నాలుగు ఆదివారాలు ఒక పని చేయమన్నాను. గుబులు మొదలైన నిమిషంలో కళ్లముందు ఏం కనిపిస్తోందో ఒక్క వాక్యం రాయాలి. సోమవారం మధ్యాహ్నం భోజనం వేళ, నిజంగా ఏం జరిగిందో ఇంకో వాక్యం.

మొదటి రెండు ఆదివారాలూ "తొమ్మిదింబావు మీటింగ్, అందరి ముందు నా సున్నా చదువుతారు" అని రాశాడు. సోమవారం మధ్యాహ్నం రాసింది మాత్రం వేరు: "ఇరవై నిమిషాల్లో అయిపోయింది, పదింటికల్లా మర్చిపోయా." మూడో ఆదివారం కాగితం మీద మూడే మాటలు ఉన్నాయి: "ఆకుపచ్చ సంచి తాతగారు." రిటైరైన కండక్టర్. పాస్‌బుక్కు ఆ సంచిలో పెట్టుకుని వస్తాడు. ఏడాదికి లక్ష చొప్పున కట్టే పాలసీని ఆయనకు అమ్మింది ఈ అబ్బాయే. ఒక్కసారి కడితే చాలని ఆయన అనుకుంటున్నట్టు ఆ రోజే తెలుసు, సరిదిద్దలేదు. ఆ సోమవారం మధ్యాహ్నం రాసిన వాక్యం: "ఆయన రాలేదు. పొద్దుటి నుంచీ తలుపు వైపే చూస్తున్నా." నాలుగో వారమూ అదే.

మీటింగ్ టెన్షన్ వేరు, తలుపు వైపు చూడటం వేరు. మీటింగ్ భయం మీటింగ్‌తో పోతుంది. అనుభవంతో తగ్గుతుంది, బ్రాంచి మారితే ఇంకా తగ్గొచ్చు. రెండోది మాత్రం పని బాగా చేసేకొద్దీ పెరుగుతుంది. ఎక్కువ అమ్మితే, మరుసటి ఏడు తలుపు తోసుకుని వచ్చేవాళ్లూ ఎక్కువే. సేల్స్‌లో ఉన్నన్నాళ్లూ అలవాటైపోతుందిలే అని నెట్టుకురావడానికి ఇది అలవాటయ్యేది కాదు, కాకూడదు కూడా.

ఇదంతా వట్టి అలసటేమో అన్న అనుమానం మీకు ఉంటే, బ్యాంకు క్యాలెండరే తేల్చి చెబుతుంది. 2015 సెప్టెంబర్ నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. మిగతా శనివారాలు పని. మీ అమ్మాయి బ్రాంచీ ఇలాగే నడుస్తుంటే, రెండు రోజుల సెలవు వచ్చిన వారం ఆదివారం సాయంత్రం ఎలా ఉందో, ఒక్క రోజే దొరికిన వారం ఎలా ఉందో పోల్చి చూడండి. రెండు రోజులు దొరికినప్పుడు తేలిగ్గా ఉంటే అది చాలావరకు విశ్రాంతి చాలకపోవడమే. రెండు వారాలూ ఒకేలా ఉంటే కారణం బ్రాంచిలోనే ఉంది. మేనేజర్ సెలవులో ఉన్న వారం కూడా గమనించండి. ఆ వారం ఇంట్లో నవ్వు వినిపిస్తే సమస్య పని కాదు, మనిషి. ఆదివారం పదింటిదాకా పడుకుని, మధ్యాహ్నం మళ్లీ కునుకు తీస్తే రాత్రి నిద్ర పట్టక గుబులు రెట్టింపవుతుంది. ముందు అదొకటి సరిచేసి ఆ తర్వాత లెక్క చూడండి.

ఆ అబ్బాయి ఏం చేశాడో కూడా చెప్పాలి. సరిగ్గా అర్థం కాకుండానే పాలసీ తీసుకున్నారని తనకు అనిపించిన పదకొండు మంది పేర్లు రాసుకున్నాడు. ప్రీమియం తేదీకి ముందే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఇన్నేళ్లు కట్టాలి, ఆపేస్తే కట్టినదాంట్లో ఇంత కోత పడుతుంది అని ఉన్నదున్నట్టు చెప్పాడు. నలుగురు తిట్టారు, ముగ్గురు పాలసీ ఆపేశారు. మేనేజర్ కేకలేశాడు, ఆ మూడు నెలల ఇన్సెంటివ్ పోయింది. ఆకుపచ్చ సంచి తాతగారిని మాత్రం ఫోన్‌తో సరిపెట్టకుండా ఇంటికి వెళ్లి కలిశాడు. ఆ తర్వాత అదే బ్యాంకులో లోన్ ప్రాసెసింగ్ విభాగానికి అప్లై చేసుకున్నాడు. మారడానికి ఐదు నెలలు పట్టింది. అక్కడా నెలాఖరు ఒత్తిడి ఉంది, రాత్రి ఎనిమిదిదాకా ఉండే రోజులున్నాయి. ఆదివారం మాత్రం అన్నం తింటున్నాడు.

మీ అమ్మాయికీ ఇదే తేలితే ముందు చూడాల్సిన దారి ఇలాంటిదే. బ్రాంచి ఆపరేషన్స్, లోన్ ప్రాసెసింగ్, కేవైసీ పరిశీలన లాంటి పనుల్లో ఈ 14 నెలల అనుభవం పనికొస్తుంది. లోపలి బదిలీకి ఒక సీటులో కనీసం ఏడాదో ఏడాదిన్నరో పూర్తవ్వాలనే నియమం చాలా చోట్ల ఉంటుంది, కాబట్టి ఇప్పుడే హెచ్ఆర్‌ను అడిగితే సరిపోతుంది. ప్రభుత్వ బ్యాంకు పరీక్ష రాయడం మంచిదే. అయితే అక్కడ టార్గెట్లు ఉండవనుకుని రాయకండి. పీవోగా చేరిన వాళ్లు రేపు బ్రాంచి నడపాలి, బీమా అమ్మకాల ఒత్తిడి అక్కడా ఉంది.

రాజీనామా మాట ఆదివారం రాత్రి ఎత్తొద్దు, ఎత్తినా మంగళ, బుధవారాల దాకా ఆపండి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు ఎన్ని రోజులో చూడండి. ప్రైవేటు బ్యాంకుల్లో 60, 90 రోజులు కూడా ఉంటుంది. రిలీవింగ్ లెటర్ లేకుండా బయటికొస్తే తర్వాతి ఉద్యోగంలో చిక్కు. ఒక్క సందర్భంలో మాత్రం ఇవేవీ చూడొద్దు. మిగతా రోజుల్లోనూ నిద్ర పట్టకపోయినా, వాంతులు, గుండె దడ మొదలైనా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి వినిపించినా, ఉద్యోగం సంగతి పక్కనపెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

ఇప్పటిదాకా మీరు "ఏమైందమ్మా" అని అడిగారు, "ఏం లేదు" అంది. ఈసారి బుధవారం సాయంత్రం, పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ, "రేపు బ్రాంచి తలుపు తోసుకుని ఎవరొస్తే నీకు కష్టంగా ఉంటుంది?" అని అడిగి చూడండి.