వైఫై 6లో ఓఎఫ్‌డీఎంఏ, టార్గెట్ వేక్ టైమ్: మా ఇంట్లో ఎక్కడ పనికొచ్చాయి, ఎక్కడ పనికిరాలేదు

ప్రశ్న: "ఇంట్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు, కెమెరాలు, సెన్సర్లు కలిపి పాతిక దాకా ఉన్నాయి. అందరూ ఒకేసారి వాడితే వీడియో కాల్ ఆగి ఆగి వస్తోంది. వైఫై 6 రౌటర్ పెడితే ఓఎఫ్‌డీఎంఏ, టార్గెట్ వేక్ టైమ్ వల్ల నిజంగా తేడా కనిపిస్తుందా? బ్యాటరీ మీద నడిచేవాటికి ఛార్జింగ్ ఎక్కువ రోజులు వస్తుందా?"

కనిపిస్తుంది. కానీ రౌటర్ మార్చిన రోజే కాదు. మా ఇంట్లో మొదటి వారమంతా ఏ తేడా లేదు. ఎందుకో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కాల్ ఎందుకు ఆగుతుందో చూద్దాం. వీడియో కాల్‌లో గొంతు చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది, ఒక్కొక్కటి వంద, రెండొందల బైట్లు. 200 ఎంబీపీఎస్ లింక్ మీద వంద బైట్లు పంపడానికి పట్టేది 4 మైక్రోసెకన్లు. కానీ పాత పద్ధతిలో ఆ ప్యాకెట్ బయలుదేరే ముందు ఛానల్ ఖాళీగా ఉందో లేదో 34 మైక్రోసెకన్లు వినాలి. తర్వాత, ఇంకెవరితోనూ ఢీకొనకుండా, చీటీ తీసినట్టు వచ్చిన కొన్ని స్లాట్లు ఆగాలి. ఇది సగటున మరో 60, 70 మైక్రోసెకన్లు. ఆపైన ప్రతి ప్రసారానికీ ముందు వచ్చే ప్రియాంబుల్, చివర్లో అవతలివైపు నుంచి 'అందింది' అనే జవాబు. అంటే 4 మైక్రోసెకన్ల పనికి వందకు పైగా మైక్రోసెకన్ల ఎదురుచూపు. పైగా ఆ కాసేపూ ఛానల్ మొత్తం ఆ ఒక్క పరికరానిదే. ఒక్క ఉత్తరం ఇవ్వడానికి బస్సు మొత్తం కట్టించుకుని వెళ్లినట్టు. పాతిక పరికరాలు ఇదే పని చేస్తుంటే స్పీడ్ టెస్ట్‌లో నంబర్ ఎంత బాగున్నా కాల్‌లో మాట తెగుతుంది.

ఓఎఫ్‌డీఎంఏ మార్చేది ఈ ఎదురుచూపునే. ఛానల్‌ని చిన్న చిన్న భాగాలుగా కోసి, ఒకే ప్రసారంలో ఒక్కో భాగాన్ని ఒక్కో పరికరానికి ఇస్తుంది. అన్నిటికంటే చిన్న భాగం సుమారు 2 మెగాహెర్ట్జ్ ఉంటుంది. 20 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో అలాంటివి 9, 80 మెగాహెర్ట్జ్‌లో 37 పడతాయి. మనవైపు నుంచి పంపేటప్పుడు ఇంకా ముచ్చటగా ఉంటుంది. రౌటర్ ముందుగా 'ట్రిగ్గర్' అనే చిన్న ఫ్రేమ్ పంపి ఎవరికి ఏ భాగమో, ఎంతసేపో చెబుతుంది. పేరు వచ్చిన పరికరాలన్నీ 16 మైక్రోసెకన్ల తర్వాత ఒక్కసారిగా మాట్లాడతాయి. మామూలు పోటీలో ఎవరి చీటీ వాళ్లు తీస్తారు, ఇక్కడ రౌటరే వరస పెడుతుంది. దీనివల్ల టాప్ స్పీడ్ పెరగదు. ఒక్కరే పెద్ద ఫైల్ దించుకుంటుంటే రౌటర్ ఆ ఒక్కరికే ఛానల్ మొత్తం ఇచ్చేస్తుంది, అదే సరైన పని కూడా. లాభమంతా చిన్న ప్యాకెట్లు ఎక్కువమంది దగ్గర ఉన్నప్పుడే.

మరి మా ఇంట్లో మొదట్లో తేడా ఎందుకు లేదు? రెండు కారణాలు. మొదటిది, రౌటర్ సెట్టింగ్స్‌లో `OFDMA` ఆఫ్‌లో ఉంది. కొన్ని రౌటర్లలో డౌన్‌లోడ్ వైపు మాత్రమే ఆన్ చేసి ఇస్తారు, అప్‌లోడ్ వైపు మనమే చూసుకోవాలి. రెండోది ఇంకా పెద్దది. లెక్కపెట్టి చూస్తే 22 పరికరాల్లో వైఫై 6 ఉన్నవి 5 మాత్రమే. వైఫై 5, అంతకు ముందువాటికి ట్రిగ్గర్ ఫ్రేమ్ అర్థం కాదు. అవి పాత పద్ధతిలోనే తమ వంతు కోసం పోటీ పడుతూ, దొరికాక ఛానల్ మొత్తం ఆక్రమిస్తాయి. మీ ల్యాప్‌టాప్ సంగతి లైనక్స్‌లో ఇలా తెలుస్తుంది:

```
iw dev wlan0 link
```

బిట్‌రేట్ వరసలో `HE-MCS` అని కనిపిస్తే లింక్ వైఫై 6 మీద ఉన్నట్టు. `VHT-MCS` అని ఉంటే అది వైఫై 5, దానికి ఓఎఫ్‌డీఎంఏ అందదు.

మీరు డబ్బు పెట్టే ముందు తప్పకుండా చేయాల్సిన పరీక్ష ఒకటుంది. కాల్ ఆగుతున్న సమయంలోనే రెండు విండోల్లో రెండు పింగ్‌లు నడపండి. ఒకటి మీ రౌటర్ చిరునామాకి, ఇంకొకటి బయటికి:

```
ping 192.168.1.1
ping 8.8.8.8
```

రౌటర్ పింగ్ మామూలుగా రెండు మూడు మిల్లీసెకన్లు ఉండి, అప్పుడప్పుడూ ఎనభై, వందకి ఎగిరితే ఇంట్లో గాలిలోనే రద్దీ ఉంది, ఓఎఫ్‌డీఎంఏ సాయపడే అవకాశం బాగా ఉంది. రౌటర్ పింగ్ నిలకడగా ఉండి బయటి పింగ్ మాత్రమే పెరుగుతుంటే గొడవ ఇంటర్నెట్ లైన్‌లో ఉంది. చాలాసార్లు ఎవరో ఫొటోలు బ్యాకప్ చేస్తూ అప్‌లోడ్ నింపేసి ఉంటారు. దానికి వైఫై 6 మందు కాదు, ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో చూసే క్యూ నియంత్రణని రౌటర్‌లో పెట్టుకోవాలి. మాకు రెండూ ఉన్నాయి. సాయంత్రం పూట మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు ఆగడానికి సగం కారణం నా ఫోన్ బ్యాకప్పే. దాన్ని రాత్రికి మార్చాను. మిగతా సగం, పనికి వాడే రెండు ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు వైఫై 6 మీదకి వచ్చి, అప్‌లోడ్ వైపు ఓఎఫ్‌డీఎంఏ ఆన్ అయ్యాక తగ్గింది. అన్నట్టు, పక్కింటి రౌటర్ మీ ఛానల్ మీదే ఉంటే దాన్ని మీ రౌటర్ అదుపు చేయలేదు. అప్పుడు ఛానల్ మార్చడమే దారి.

ఇక బ్యాటరీ సంగతి. నాకు ఎక్కువ ఆనందం కలిగించింది ఇదే. మొక్కలకి నీళ్లు వదిలే ఒక చిన్న వాల్వ్‌ని `ESP32-C6` బోర్డుతో నేనే చేసుకున్నాను. 2,000 ఎంఏహెచ్ బ్యాటరీ. ఇది ఎప్పుడు 'తెరువు' అన్నా వినాలి, కాబట్టి నెట్‌వర్క్‌లోనే ఉండాలి. మామూలు పవర్ సేవ్‌లో నాకు ఏమైనా వచ్చిందా అని చూసుకోవడానికి రౌటర్ క్రమం తప్పకుండా పంపే 'బీకన్' అనే చిన్న సంకేతాలకి అది లేవాలి, ప్రతిదానికీ లేస్తుందనుకుందాం. బీకన్ 102.4 మిల్లీసెకన్లకి ఒకటి, అంటే రోజుకి 8,43,750 సార్లు నిద్ర లేవడం. లేచిన ప్రతిసారీ 3 మిల్లీసెకన్లు 70 మిల్లీయాంప్స్ తాగుతుందని, నిద్రలో 0.3 మిల్లీయాంప్స్ అని అనుకుని లెక్క వేయండి. సగటు దాదాపు 2.35 మిల్లీయాంప్స్, బ్యాటరీ 35 రోజులు.

టార్గెట్ వేక్ టైమ్‌లో పరికరం, రౌటర్ ముందే మాట్లాడుకుని ఒప్పందం చేసుకుంటాయి: 'పది సెకన్లకి ఒకసారి లేస్తాను, అంతవరకు నాకు వచ్చినవి నీ దగ్గర ఉంచు' అని. మధ్యలో బీకన్ల కోసం లేవక్కర్లేదు. రోజుకి 8,640 సార్లే. లేచినప్పుడు 30 మిల్లీసెకన్లు మెలకువగా ఉందనుకున్నా సగటు సుమారు 0.51 మిల్లీయాంప్స్, అంటే 160 రోజుల పైన. నిమిషానికి ఒకసారి అంటే దాదాపు 250 రోజులు వస్తుంది. అక్కడి నుంచి ఇంకా పెంచినా పెద్దగా లాభం ఉండదు, ఎందుకంటే అప్పటికి నిద్రలో తాగే 0.3 మిల్లీయాంపే ఖర్చులో ఎక్కువ భాగం. నేను పది సెకన్ల దగ్గరే ఆగాను. మొక్కలకి పది సెకన్ల ఆలస్యం లెక్కలోకి రాదు. తలుపు తాళానికైతే ఫోన్‌లో 'తెరువు' నొక్కి పది సెకన్లు నిలబడటం ఎవరికీ నచ్చదు, అక్కడ ఒకటి రెండు సెకన్లు దాటకూడదు. అప్పుడు బ్యాటరీ లాభం కూడా తగ్గుతుంది.

నాకు రెండు చోట్ల దెబ్బ తగిలింది. వాల్వ్ బతికే ఉందా అని నా ప్రోగ్రామ్ ఐదు సెకన్లకోసారి అడిగి, మూడు సెకన్లలో జవాబు రాకపోతే 'ఆఫ్‌లైన్' అని అలారం మోగించేది. మొదటి రాత్రంతా టెన్షన్. నిద్రపోతున్న పరికరం మూడు సెకన్లలో ఎలా పలుకుతుంది? గడువుని 30 సెకన్లకి పెంచాక సర్దుకుంది. రెండోది కనిపెట్టడం కష్టం. కరెంటు పోయి రౌటర్ మళ్లీ ఆన్ అయిన తర్వాత వారంలోనే బ్యాటరీ ఒక నెలకి పైగా తగ్గినంత తగ్గింది. ఒప్పందం ఆ కనెక్షన్ ఉన్నంతవరకే. తెగి మళ్లీ కలిస్తే కొత్తగా అడగాలి. నా కోడ్ మొదటిసారి మాత్రమే అడిగి ఊరుకుంది, దాంతో వాల్వ్ పాత అలవాటుకే వెళ్లిపోయింది. కనెక్ట్ అయిన ప్రతిసారీ అడిగేలా మార్చాను.

అన్ని సెన్సర్లకీ ఇది అవసరం లేదు. అరగంటకోసారి ఉష్ణోగ్రత పంపి పూర్తిగా పడుకునే సెన్సర్‌కి వినాల్సింది ఏమీ లేదు, దాన్ని అలాగే వదిలేయండి. డోర్‌బెల్, తాళం, వాల్వ్ లాంటివి, అంటే ఎప్పుడూ వింటూ ఉండాల్సినవే ఈ లాభం పొందుతాయి. ఫోన్ బ్యాటరీ మీద మాత్రం పెద్ద ఆశ పెట్టుకోకండి, దాని ఖర్చులో పెద్ద వాటా స్క్రీన్‌దే.

చివరగా 2.4 గిగాహెర్ట్జ్ చిక్కు. బ్యాటరీ వస్తువులు ఎక్కువగా ఆ బ్యాండ్ మీదే ఉంటాయి, కాబట్టి టార్గెట్ వేక్ టైమ్ కావాలంటే అక్కడ వైఫై 6 మోడ్ ఆన్‌లో ఉండాలి. ఆన్ చేయగానే మా పాత ప్రింటర్, ఒక స్మార్ట్ ప్లగ్ నెట్‌వర్క్‌లోకి రావడం మానేశాయి. కొన్ని పాత చిప్‌లు బీకన్‌లో కొత్త సమాచారం చూసి తికమకపడతాయి. ఆఫ్ చేస్తే ప్రింటర్ వస్తుంది, వాల్వ్ ఒప్పందం పోతుంది. చివరికి అటక మీద పెట్టిన పాత రౌటర్‌ని దించి, ఛానల్ 11 మీద యాక్సెస్ పాయింట్‌గా పెట్టి ఆ రెంటినీ దానికి కలిపాను. కొత్తది ఛానల్ 1 మీద వైఫై 6తో నడుస్తోంది. మీరు కొత్త డోర్‌బెల్ కొనేటప్పుడు పెట్టె మీద వైఫై 6 అని ఉంటే సరిపోదు. పరికరం వైపు టార్గెట్ వేక్ టైమ్ ఐచ్ఛికం, కాబట్టి స్పెసిఫికేషన్లలో `TWT` అని విడిగా రాసి ఉందో లేదో చూసుకోండి.