ఒకే ముల్లు, నాలుగు జవాబులు: మీటర్ ఫోటోలో వోల్టేజీ చదవడం

ప్రశ్న: సార్, నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండో ఏడాది చదువుతున్నా. మాక్ టెస్టులో ముల్లు మీటర్ ఫోటో ఇచ్చి వోల్టేజీ ఎంత అని అడిగారు. నేను 120 పెట్టా, కీలో 24 అని ఉంది. మా ఫ్రెండ్ 4.8 అంటున్నాడు. డయల్ మీద అన్ని అంకెలుంటే ఏది చూడాలో తెలియట్లేదు. ఇప్పుడందరూ డిజిటల్ మీటరే వాడుతున్నారు కదా, అప్రెంటిస్‌షిప్ కోసం దీని మీద టైమ్ పెట్టాలా?

జవాబు: తమ్ముడూ, నువ్వు పంపిన ఫోటో చూశాను. కీ కరెక్టే, 24 వోల్టులు. అలాగని నువ్వూ మీ ఫ్రెండూ ముల్లును తప్పుగా చదవలేదు. ఇద్దరూ కింద ఉన్న నాబ్‌ను చూడలేదు, అంతే.

ఆ ఫోటోలో నాబ్ డీసీ వోల్టుల వైపు 50 దగ్గర ఉంది. ముల్లు చివరిదాకా వెళితే 50 వోల్టులు అని దానర్థం. ఇక డయల్‌కి వద్దాం. అన్నిటికన్నా పైన ఉన్న వంపు గీత ఓమ్స్‌ది. దాని మీద సున్నా కుడివైపు ఉంటుంది, వోల్టేజీకి దానితో పనిలేదు. దాని కింద ఉన్న నల్ల గీతే మనది. గీత ఒక్కటే, కానీ దాని కింద మూడు వరుసల అంకెలు ముద్రించి ఉంటాయి: ఒకటి 250 దాకా, ఒకటి 50 దాకా, ఒకటి 10 దాకా. నాబ్ 50 మీద ఉంది కాబట్టి 50తో ముగిసే వరుసే చదవాలి.

ఇప్పుడు చిన్న గీతలు. ఆ వరుసలో 20కీ 30కీ మధ్య పది గడులున్నాయి, అంటే గడికి 1 వోల్టు. ముల్లు 20 దాటి నాలుగో గీత మీద నిలబడింది, కనుక 24. అదే చోట పై వరుసలో 100కీ 150కీ మధ్య గడికి 5 చొప్పున నాలుగు గడులు దాటితే నీ 120 వస్తుంది. కింది వరుసలో 4కీ 6కీ మధ్య గడికి 0.2 చొప్పున లెక్కిస్తే మీ ఫ్రెండ్ 4.8 వస్తుంది. ప్రశ్న తయారు చేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. ఆప్షన్లలో 480 కూడా పెట్టారు చూశావా? నాబ్ 1000 మీద ఉండి ఉంటే అదే జవాబు.

ఆ 1000 దగ్గరే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే 1000 దాకా వెళ్లే వరుస డయల్ మీద లేదు. అప్పుడు తేలిగ్గా గుణించగలిగే వరుస తీసుకోవాలి. 1000కి 10 వరుస చదివి వందతో గుణిస్తే 4.8 కాస్తా 480 అవుతుంది. 2.5 రేంజికి 250 వరుస చదివి వందతో భాగిస్తే 120 కాస్తా 1.2 అవుతుంది. ఏ వరుస పట్టుకున్నా ఈ లెక్క పనిచేస్తుంది:

```
అసలు వోల్టేజీ = చదివిన అంకె × నాబ్ రేంజి ÷ ఆ వరుస చివరి అంకె
120 × 50 ÷ 250 = 24
4.8 × 50 ÷ 10 = 24
```

చూశావుగా, నీ 120తోనూ మీ ఫ్రెండ్ 4.8తోనూ అదే 24 వచ్చింది. మీ ఇద్దరికీ మిగిలిపోయింది ఈ చివరి మెట్టే.

ఈ తప్పు నేనూ చేశాను, అదీ పరీక్షలో కాదు. అప్రెంటిస్‌గా ఉన్న రోజుల్లో ఒక సబ్‌స్టేషన్‌లో బ్యాటరీ బ్యాంకు వోల్టేజీ చూసి లాగ్‌బుక్‌లో 22 అని రాశాను. నాబ్ 250 మీద ఉంది, నేను చదివింది 50 వరుస. మా సూపర్‌వైజర్ పుస్తకం నా ముందు పెట్టి, "22 వోల్టులే ఉంటే రిలేలు ఇంకా ఎలా పనిచేస్తున్నాయిరా?" అన్నాడు. అసలున్నది 110 వోల్టులు. ఆ రోజు నుంచి ముల్లు చూడకముందే "ఇక్కడ ఎంత రావాలి?" అని మనసులో అనుకోవడం అలవాటైంది. నీ ఫోటోలోనూ ఆ ఆధారం ఉంది: ప్రోబులు పెట్టింది సిరీస్‌లో కలిపిన రెండు 12 వోల్టుల బ్యాటరీలకు. అక్కడ 120 ఎక్కడి నుంచి వస్తుంది?

ఏసీ ఫోటో వస్తే ఇంకో చిక్కుంది. ఏసీ 50, 250, 1000 రేంజిలకు అదే నల్ల గీత, అవే వరుసలు పనికొస్తాయి. ఏసీ 10కి మాత్రం చాలా మీటర్లలో వేరే గీత, మామూలుగా ఎర్ర రంగులో ఉంటుంది. లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్‌కు తెరుచుకోవడానికే కొంత వోల్టేజీ కావాలి. 250 రేంజిలో ఆ కొంచెం లెక్కలోకి రాదు, 10లో మాత్రం తేడా కొడుతుంది. అందుకే ఆ ఎర్ర గీత మీద సున్నా వైపు గడులు ఇరుకుగా ఉంటాయి. వాటిని సమానమని లెక్కపెడితే జవాబు తప్పుతుంది.

ఫోటోలో ఇంకో సంగతి గమనించు. మంచి మీటర్లలో స్కేలు వెంట సన్నని అద్దం పట్టీ ఉంటుంది. అందులో ముల్లు నీడ పక్కకు కనిపిస్తే కెమెరాను ఏటవాలుగా పట్టుకుని తీశారన్నమాట, రీడింగ్ ఒక అర గడి అటూ ఇటూ కావచ్చు. కాబట్టి ఆప్షన్లలో దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకో, 23.6 అని దశాంశాల కోసం కళ్లు చించుకోకు. ఎలాగూ ఇలాంటి మీటర్లలో డీసీకి ఫుల్ స్కేలులో 3 శాతం దాకా తేడా మామూలే. 50 రేంజిలో అది ఒకటిన్నర వోల్టు.

ఇక టైమ్ పెట్టాలా అంటే, నెలలు అక్కర్లేదు, ఒక వారం చాలు. రోజువారీ పనిలో నీ చేతికొచ్చేది డిజిటల్ మీటరే, ఆ మాట నిజం. కానీ ప్రాక్టికల్ టెస్టులో చూసేవాళ్లు నువ్వు చెప్పిన అంకె ఒక్కటే చూడరు. ప్రోబు పెట్టేముందు నీ చేయి నాబ్ మీదకు వెళ్లిందా లేదా, పెద్ద రేంజి నుంచి మొదలుపెట్టావా లేదా అని చూస్తారు. 230 వోల్టుల సప్లై అని తెలిసినా ముందు 1000 మీద పెట్టి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, అప్పుడు 250కి దించినవాడికి పని వచ్చని తెలిసిపోతుంది. నాబ్ ఓమ్స్ మీదో మిల్లీ యాంప్స్ మీదో వదిలేసి సప్లైకి ప్రోబులు పెడితే మీటర్ కాలుతుంది. ఆ పని చేసినవాణ్ణి నెక్స్ట్ ప్రశ్న అడగరు.

ప్రాక్టీసు మెయిన్స్ మీద మొదలుపెట్టకు. గడియారంలో వేసే పెన్సిల్ సెల్ ఒకటి తీసుకుని దాన్నే మూడు రేంజిలలో కొలువు. 50 మీద పెడితే ముల్లు ఒకటిన్నర గడి కదిలి ఆగిపోతుంది, చదవడానికి ఏమీ ఉండదు. 10 మీద ఏడెనిమిది గడులు కదులుతుంది. 2.5 మీద పెడితే 250 వరుసలో 150 దగ్గరికి వస్తుంది, అంటే 1.5. సెల్ కొత్తదైతే కాస్త పైనే ఉంటుంది. మూడుసార్లూ నాబ్ కూడా కనిపించేలా ఫోన్‌లో ఫోటో తీసి, మర్నాడు సెల్ సంగతి మరచిపోయి ఆ ఫోటోలు చదువు. మీ ఫ్రెండ్‌కు మాత్రం నాబ్ కత్తిరించేసిన ఫోటో పంపి వోల్టేజీ ఎంతో చెప్పమను. "నాబ్ ఎక్కడుంది?" అని ఎదురు అడిగితే వాడికి అర్థమైనట్టే.