‘బడు’ లేకుండా జలాంతర్గామి

సందేహం: విశాఖపట్నం చూడటానికి వచ్చేవారి కోసం ఒక కరపత్రం రాస్తున్నాను. కురుసుర జలాంతర్గామి గురించి ఇలా రాశాను: “ఈ జలాంతర్గామి సోవియట్ యూనియన్ ద్వారా నిర్మించబడింది. 1969లో భారత నౌకాదళంలో ప్రవేశపెట్టబడింది. 2001లో సేవల నుండి తొలగించబడింది. తరువాత ఆర్కే బీచ్‌లో ఒడ్డుకు చేర్చబడి, మ్యూజియంగా మార్చబడింది. 2002లో సందర్శకుల కోసం తెరవబడింది.” మా మామగారు చదివి, ఇది తెలుగు లిపిలో ఉన్న ఇంగ్లీషు అన్నారు. కర్మణి ప్రయోగం వ్యాకరణంలో ఉన్నదే కదా? ఎవరు చేశారో చెప్పనక్కరలేని చోట కర్తరిలో రాయడం ఎలా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

సమాధానం: వ్యాకరణంలో ఉన్న మాట నిజమే. ధాతువుకు ‘పడు’ చేర్చి కర్మార్థం చెప్పడం చిన్నయ సూరికీ తెలుసు. అయితే అది ఎక్కడ కుదురుగా కూర్చుందో చూడండి. సంస్కృత శ్లోకానికి ప్రతిపదార్థం రాసేటప్పుడు ‘రామేణ’ అంటే రామునిచేత, ‘హతః’ అంటే చంపబడినవాడు అని మాటకు మాట పెట్టాలి. అక్కడ ‘బడు’ లేనిదే పని జరగదు. అదే పండితుడు కింద తాత్పర్యానికి దిగగానే “రాముడు రావణుని చంపెను” అనగలడు. మొదటిది సంస్కృతానికి కొలత, రెండోది తెలుగు. ఇంగ్లీషు చదువు, ఆఫీసు ఉత్తర్వులు, వార్తల అనువాదం వచ్చాక ఆ కొలతబద్దే వాక్యమై కూర్చుంది. కాబట్టి నేరమంతా ఇంగ్లీషు మీద వేయను. తలుపు ముందే ఓరగా తీసి ఉంది, ఇంగ్లీషు దాన్ని బార్లా తెరిచింది.

మీ అసలు చిక్కు రెండో ప్రశ్నలో ఉంది. కర్తను చెప్పకూడదనుకుంటే కర్మణి తప్ప దారి లేదని ఇంగ్లీషు వ్యాకరణం మనకు నూరిపోసింది. ఇంగ్లీషు వాక్యానికి కర్త స్థానం ఖాళీగా ఉండకూడదు, అందుకని కర్మను తెచ్చి అక్కడ కూర్చోబెడతారు. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. “మా వీధిలో రోడ్డు వేశారు”, “పొద్దున్నే కరెంటు తీసేశారు” అంటాం. ఎవరు అని వినేవారు అడగరు, చెప్పేవారికీ పట్టదు. క్రియ చివరి ‘ఆరు’ ఎవరో మనుషులు చేశారని చెప్పి ఊరుకుంటుంది. రోడ్డు మీద దృష్టి నిలపాలంటే ‘రోడ్డు’ను ముందు పెడితే చాలు. ఇంగ్లీషు కర్మణితో సాధించేదాన్ని మనం పదాల వరుసతోనే సాధిస్తాం.

రెండో దారి ఇంకా సొగసైనది. తెలుగు క్రియలు చాలావరకు జంటలుగా ఉంటాయి: మార్చు–మారు, చేర్చు–చేరు, పెంచు–పెరుగు, ఆపు–ఆగు, విరుచు–విరుగు, కూల్చు–కూలు. జంటలో మొదటిదానికి చేసేవాడు కావాలి, రెండోదానికి అక్కరలేదు. “ధరలు పెంచబడ్డాయి” అనేవారికి “ధరలు పెరిగాయి” అన్న మాట చేతికందే దూరంలోనే ఉంది. పొయ్యి మీద కూర మరిచిపోయినవారెవరూ “కూర మాడ్చబడింది” అనరు, “కూర మాడిపోయింది” అంటారు. చేసిన మనిషిని దాచడంలో దీనికి మించిన వాక్యం ఏ భాషలోనూ ఉండదేమో!

ఈ రెండు దారుల్లో ఏది పట్టాలో అర్థాన్ని బట్టి తేల్చుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడింది. ఆ సంగతి రాస్తూ “చెట్లు కూల్చబడ్డాయి” అంటే ఎవరో గొడ్డళ్లతో వచ్చినట్టుంటుంది. “చెట్లు కూల్చారు” అంటే మరీ అన్యాయం, ఎందుకంటే ఆ ‘ఆరు’ మనుషులకే చెల్లుతుంది. “చెట్లు కూలాయి” అన్నదే సరి. రోడ్డు వెడల్పు కోసం చెట్లు కొట్టించి, “అభివృద్ధి పనుల్లో చెట్లు కూలాయి” అని రాస్తే మాత్రం అది భాషాదోషం కాదు, తప్పించుకోవడం. అక్కడ “కూల్చారు” అనాలి. ఎవరో తెలిస్తే ఆ పేరూ చెప్పాలి.

ఇక మీ పేరా. మొదటి వాక్యంలో ‘బడు’ కంటే ‘ద్వారా’ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ద్వారా అంటే మార్గం, సాధనం. పోస్టు ద్వారా ఉత్తరం వస్తుంది, మధ్యవర్తి ద్వారా సంబంధం కుదురుతుంది. సోవియట్ యూనియన్ ఇక్కడ మధ్యవర్తి కాదు. “సోవియట్ యూనియన్‌లో తయారైంది” అంటే సరిపోతుంది. ‘ప్రవేశపెట్టబడింది’ బదులు జంటలో రెండో క్రియ: నౌకాదళంలో చేరింది. ‘తొలగించబడింది’ అనగానే తప్పు చేసిన గుమాస్తా గుర్తొస్తాడు. వయసు మళ్లిన నౌకకు ఆ మాట వద్దు. “2001 దాకా పనిచేసింది” అనండి, విషయం అందులోనే ఉంది. ఒడ్డుకు చేర్చడం దగ్గర మాత్రం జాగ్రత్త. “ఒడ్డుకు చేరి మ్యూజియంగా మారింది” అంటే, అది తనంతట తానే ఇసుకలోకి పాకి వచ్చినట్టుంటుంది. ఇక్కడ మనుషులు పడ్డ శ్రమ కనబడాలి. కనుక “చేర్చి, మార్చారు” అనండి.

‘బడు’ కనిపించిన ప్రతిచోటా కత్తి దూయకండి. నేనిప్పుడే ‘కనబడాలి’, ‘పడ్డ శ్రమ’ అన్నాను. కనబడు, వినబడు, పట్టుబడు, బయటపడు, భయపడు – ఇవి మన ఇంటి మాటలు. వీటికి కర్మణితో పనిలేదు. ‘మోసగించబడ్డాడు’ అనేచోట ‘మోసపోయాడు’ ఉంది, ‘కొట్టబడ్డాడు’ అనేచోట ‘దెబ్బలు తిన్నాడు’ ఉంది. “అని పిలవబడే కొండ” అన్నదాన్ని “అనే కొండ” అంటే మూడు మాటలు రెండవుతాయి.

ఒక్కచోట మాత్రం ‘బడు’ నిజంగా పనికొస్తుంది. “చంపిన పులి” అంటే పులి చంపిందా, పులిని చంపారా? మన క్రియాజన్య విశేషణం ఈ తేడా చూపదు. అప్పుడు “చంపబడిన పులి” అంటే సందేహం తీరుతుంది. నేనైతే ముందు కర్తను తెచ్చి “వేటగాళ్లు చంపిన పులి” అని చూస్తాను. కర్త తెలియకపోతే “వేటకు బలైన పులి” అంటాను. రెండూ కుదరనప్పుడు ‘బడు’ను మొహమాటం లేకుండా వాడతాను.

మీ పేరా నా చేతిలో ఇలా వచ్చింది:

“సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969లో భారత నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసింది. తరువాత దీన్ని ఆర్కే బీచ్‌లో ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా మార్చారు. 2002 నుంచి సందర్శకులు లోపలికి వెళ్లి చూస్తున్నారు.”

‘మ్యూజియం’ను ముట్టుకోలేదు, అది అందరికీ తెలిసిన మాటే. అయితే విశాఖలో ఆటో ఎక్కి “జలాంతర్గామి దగ్గర ఆపండి” అనేవారిని నేనింతవరకు చూడలేదు. “సబ్‌మెరైన్ దగ్గర ఆపండి” అంటారు. కరపత్రంలో ఎక్కడైనా ఆ మాట ఒకసారి వేయండి, ఊరికి కొత్తగా వచ్చినవారు దారి అడగడానికి పనికొస్తుంది.