మోటారు పంపుకు ఏ పంపిణీ?

ప్రశ్న: కొత్త కంపెనీ శ్రీకాకుళం జిల్లా రైతులకు మోటారు పంపులు అమ్మాలి. జవాబులో ఏ పంపిణీ రాయాలి? డీలర్లను ప్రోత్సహించి వారి ద్వారా సరుకు అమ్మించే పుష్ సరైనదా, ప్రకటనలతో కొనేవారే అడిగేలా చేసే పుల్ సరైనదా?

ఎంపిక చేసిన పంపిణీ, అంటే కొద్దిమంది డీలర్ల ద్వారానే అమ్మడం, ప్రధానంగా పుష్. కొనేవారి తీరే ఇందుకు కారణం. అడిగిన సబ్బు లేకపోతే పక్కనున్నది కొంటారు. అందుకే సబ్బు ప్రతి కిరాణా కొట్టులోనూ ఉండాలి, అది విస్తృత పంపిణీ. పంపు కోసం రైతు నరసన్నపేట, టెక్కలి దాకా వెళ్లి రెండు మూడు దుకాణాల్లో పోల్చి చూస్తాడు, మరమ్మతు ఎవరు చేస్తారో అడుగుతాడు. కాబట్టి మరమ్మతు తెలిసిన కొద్దిమంది డీలర్లు చాలు. ధర ఎక్కువని ఒకే డీలరుకు అప్పగించే ప్రత్యేక పంపిణీ రాయడం తరచూ జరిగే పొరపాటు. జిల్లాకు ఒకే డీలరుంటే కొత్త పంపు చాలామంది కంట పడదు.

పేరు తెలియని పంపును రైతు అడగడు, దుకాణదారు మాటే నిర్ణయిస్తుంది. అందుకే డబ్బు డీలరు కమీషన్‌కు, అప్పు గడువుకు, మెకానిక్‌ల శిక్షణకు వెళ్లాలి. పేరు పెట్టి అడిగే రోజు వచ్చాక ప్రకటనలతో పుల్ పెంచవచ్చు.