పనిముట్ల బోర్డు మీద ఆకారాలు గీస్తే నిజంగా పనికొస్తుందా?

ప్రశ్న: ఇంటి వెనక షెడ్డులో చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాను. ఏ పనిముట్టు ఎవరు పట్టుకెళ్ళారో, ఏది పోయిందో అవసరం పడినప్పుడు గాని తెలియడం లేదు. గోడకు బోర్డు కొట్టి ఒక్కోదాని ఆకారం గీస్తే లేనిది వెంటనే కనిపిస్తుందంటున్నారు. ఎవరైనా చేసి చూశారా?

జవాబు: చేశాను, రెండుసార్లు. మొదటిసారి తప్పుగా చేశాను. ఆ తప్పే ఎక్కువమంది చేస్తారనిపించి రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వీధంతా కొబ్బరిచెట్లు అడ్డంగా పడ్డాయి. రంపం ఒకరు, గొడ్డలి ఒకరు, కటింగ్ ప్లేయర్ ఇంకొకరు, చేతికి అందింది పట్టుకుపోయారు. అలాంటప్పుడు ఎవరు వద్దంటారు? కరెంటు వచ్చి అంతా సర్దుకున్నాక కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. రానివేవో కూడా నాకు సరిగ్గా గుర్తు లేదు. అప్పుడు కొట్టించాను మొదటి బోర్డు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు, 12 ఎం.ఎం. ప్లైవుడ్. తెల్ల రంగు వేసి, ఆకారాలు నల్ల పెయింటుతో నింపాను. చూడ్డానికి చాలా బాగుండేది.

ఒకరోజు మసక చీకటి వేళ పక్కింటి పిన్నిగారి నీళ్ళ మోటారు వెనక ఫ్యాను వదులైతే విప్పి బిగించాను. మూత పెట్టి స్క్రూలు బిగించేశాక అలవాటుగా బోర్డు వైపు చూశాను. అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. స్విచ్ వేయగానే టకటకమని ఒకటే మోత. "ఏటి మాస్టారూ, బాగుచేసేరా, పాడుచేసేరా?" అని పిన్నిగారు గోడ అవతల నుంచి అరిచారు. ఫ్యాను బిగించిన 8-9 పానా మూత లోపలే ఉండిపోయింది. ప్లాస్టిక్ ఫ్యాను రెక్కలు మూడు విరిగిపోయాయి. కొత్త ఫ్యాను నా డబ్బుతోనే వేయించాను.

తర్వాత బోర్డు ముందు నిలబడి చూస్తే సంగతి అర్థమైంది. పానా ఉన్నప్పుడు అక్కడ కనిపించేది ముదురు రంగు ఇనుము, లేనప్పుడు కనిపించేది నల్ల ఆకారం. పగలు దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. ట్యూబ్‌లైట్ వెలుతురులో పదడుగుల దూరం నుంచి చూస్తే ఖాళీ చోటు కూడా పానా వేలాడుతున్నట్టే ఉంది. ఉత్త గీత గీసి వదిలేస్తే ఇంకా కష్టం, వస్తువు ఉన్నా లేకపోయినా గీత అలాగే కనిపిస్తుంది.

ఆకారానికి ఉన్న పనల్లా వస్తువు లేనప్పుడు అరిచి చెప్పడం, ఉన్నప్పుడు పూర్తిగా దాక్కోవడం. అందుకని రెండో బోర్డుకు బూడిదరంగు వేసి, ఆకారాలు నిమ్మపండు రంగులో పెట్టాను. నా స్క్రూడ్రైవర్ల పిడులు ఆకుపచ్చ, ప్లేయర్ల పిడులు ఎరుపు. ఏ పిడికీ లేని రంగు కావాలని వెతికితే అదే మిగిలింది. మీరూ ముందు మీ పిడుల రంగులు చూసుకుని ఎంచుకోండి.

ఈసారి పెయింటు జోలికి పోలేదు. బండ్ల నంబరు ప్లేట్లకు స్టిక్కర్లు వేసే కొట్టులో రేడియం షీటు ముక్క తెచ్చుకున్నాను. కొత్త పనిముట్టు కొంటే పాత స్టిక్కర్ పీకి మార్చుకోవచ్చు, పెయింటైతే మళ్ళీ బోర్డంతా గోకాలి.

గీసేటప్పుడు ఒక వరస పాటించండి. వస్తువును బల్లమీద పడుకోబెట్టి గీయకండి. ముందు మేకుకో స్క్రూకో తగిలించి, అది తనంతట తాను ఏ వాలులో నిలుస్తుందో చూసి, దాని వెనక న్యూస్‌పేపర్ పెట్టి గీయండి. బరువు ఎటుంటే అటు ఒరుగుతుంది కాబట్టి బల్లమీద గీసిన బొమ్మ గోడమీద సరిపోదు. హ్యాక్సా దగ్గర ఇది బాగా తెలుస్తుంది. పెన్సిల్ నిటారుగా పట్టుకోండి. వాల్చి పట్టుకుంటే గీత బయటికి జరిగి ఆకారం అసలుకన్నా లావవుతుంది, అప్పుడు వస్తువు ఉన్నా చుట్టూ పసుపు అంచు కనిపిస్తుంది. నేను గీతకు రెండు ఎం.ఎం. లోపలికే కత్తిరించాను. ఆ కాగితాన్ని స్టిక్కర్ వెనక వైపు పెట్టి గీస్తే బొమ్మ తిరగబడుతుంది, కాబట్టి కాగితాన్ని బోర్లా వేసి గీయాలి. నా హ్యాక్సా పిడి మొదటిసారి అటువైపుకు వచ్చింది. అర షీటు వృథా.

పానాల దగ్గర ఇంకో చిక్కుంది. 6-7 నుంచి 20-22 దాకా ఎనిమిది, ఒకేలా ఉంటాయి. పెద్ద దాని చోట చిన్నది తగిలిస్తే చుట్టూ పసుపు కనబడి దొరికిపోతుంది. చిన్న దాని చోట పెద్దది తగిలిస్తే మాత్రం ఆకారం మొత్తం కప్పుకుపోయి ఏమీ తెలియదు. అందుకే ప్రతి ఆకారం మధ్యలో సైజు రాశాను. పానా లేనప్పుడు ఆ అంకె బయటపడుతుంది, వెతకాల్సింది ఏదో తెలుస్తుంది. మీకు ఇంకో సెట్టు ఉంటే ఒకే సైజువి రెండు ఈ బోర్డు మీద పెట్టకండి, లెక్క తప్పుతుంది.

బోర్డు 'లేదు' అని చెబుతుంది గాని 'ఎవరి దగ్గరుంది' అని చెప్పదు. దానికి తాళంచెవులకు కట్టే ప్లాస్టిక్ ట్యాగులు ఆరు కొన్నాను. ఎవరైనా అడిగితే వస్తువు తీసి, వాళ్ళ పేరు రాసిన ట్యాగ్ అదే మేకుకు తగిలిస్తాను. పసుపు మీద ట్యాగ్ ఉంటే ఇచ్చానని అర్థం. ట్యాగ్ లేకుండా ఉత్త పసుపు కనిపిస్తే ఆ వస్తువు ఎక్కడో నా పనిలోనే ఉండిపోయింది. అప్పుడు స్విచ్ మీద చెయ్యి వేయను. విమానాలు రిపేరు చేసేచోట కూడా ఇలాంటి బోర్డులే వాడతారు. అక్కడ ఒక్క స్క్రూడ్రైవర్ తక్కువైనా అది దొరికేదాకా, లేదా విమానంలో లేదని తేలేదాకా విమానాన్ని వదలరు. మోటారు ఫ్యాను రెక్కలు విరిగాక ఆ పట్టుదల ఎందుకో నాకు తెలిసింది.

చిన్న సామాను బోర్డుకు ఎక్కించకండి. డ్రిల్ బిట్లు, ఎలన్ కీలు గోడమీద ఆకారాలుగా పనికిరావు. చెక్కదిమ్మకు వరసగా రంధ్రాలు వేసి, పక్కన సైజు రాస్తే చాలు, ఖాళీ రంధ్రమే చెప్పేస్తుంది. చక్ కీని మాత్రం డ్రిల్లు వైరుకే దారంతో కట్టేయండి.

మాలా సముద్రం దగ్గరుంటే ఒక్క మాట. బోర్డును గోడకు ఆనించి కొట్టకండి. వెనక అంగుళం మందం చెక్కపట్టీలు పెట్టి గాలి ఆడనివ్వండి. నా మొదటి బోర్డు రెండు వానాకాలాలకే అడుగున ఉబ్బిపోయింది.

ఇది రాస్తూ వెనక్కి చూశాను. మూలమట్టం చోటు పసుపుగా ఉంది, మేకుకు మా బావ పేరున్న ట్యాగ్ వేలాడుతోంది. పట్టుకెళ్ళి పదిహేను రోజులైంది, ఇవాళ ఫోన్ చేయాలి.