పర్సు దొరికిన కుర్రాడి కథ నీతి పాఠంలా రాకుండా ఎలా రాయాలి?

ప్రశ్న: టీనేజ్ పిల్లల కోసం చిన్న కథ రాస్తున్నాను. ఒక కుర్రాడికి పర్సు దొరుకుతుంది, ఏం చేయాలో తేల్చుకోవాలి. ఎలా రాసినా నీతి కథలాగే వస్తోంది. ఏం మార్చాలి?

జవాబు:

నేను కావలిలో పదో తరగతికి తెలుగు చెబుతాను. ఇలాంటి కథే ఒకటి రాసి మా పిల్లలకు చదివి వినిపించాను. మొదటిసారి పర్సులో 40,000 పెట్టాను. రెండో పేరా పూర్తికాకముందే వెనక బెంచీలోంచి "ఇచ్చేస్తాడులే సార్" అన్నారు. అంత డబ్బు చూస్తే ఆ వయసు కుర్రాడికి భయమే వేస్తుంది. భయపడి తిరిగిచ్చేవాడికి తేల్చుకోవాల్సింది ఏముంటుంది?

అందుకని ముందు కుర్రాడి అవసరం ఖాయం చేసుకున్నాను. వాడి చేతిలోంచి జారి స్నేహితుడి ఫోన్ డిస్‌ప్లే పగిలింది. మార్పించడానికి 1,800 కావాలి, ఇంట్లో చెప్పలేడు. ఆ టెన్షన్‌లో ఉండగా పర్సు దొరికింది. అందులో 2,100 ఉంది. మొదట బస్సులో దొరికినట్టు రాస్తే, కండక్టరుకు ఇస్తే సరిపోతుంది కదా అన్నారు పిల్లలు. నిజమే. పర్సును ట్రంకు రోడ్డు పక్కకు మార్చాను.

అసలు చిక్కు ఎక్కడుందో నాకు చట్టం చదివాక తెలిసింది. పాత ఐపీసీ 403లోనూ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 314లోనూ దొరికిన సొమ్ము గురించి ఉంది. సొంతదారుకు ఇవ్వాలని తీసి పెట్టుకుంటే నేరం కాదు. ఎవరిదో తెలిసినా, తెలుసుకునే వీలున్నా వాడుకుంటే నేరం. ఇది కథలో చెప్పక్కర్లేదు. కానీ నా కుర్రాడు ఏం చేస్తాడో దీన్నిబట్టే తట్టింది. వాడు నోట్లు మాత్రమే లెక్కపెట్టుకుంటాడు. పర్సులో రెండో అర విప్పడు. విప్పితే ఎవరిదో తెలిసిపోతుందని వాడికి తెలుసు. ఈ భాగానికి ఎక్కువ చోటివ్వండి. వాడి వేళ్ళు ఆ అర దాకా వెళ్ళి వెనక్కి రావాలి.

తర్వాత బండి దగ్గర నూడిల్స్ తిని, ఆ పర్సులోంచే వంద తీసి ఇస్తాడు. నోటుతో పాటు ఆధార్ కార్డు జారి కింద పడుతుంది. దానికి అంటుకుని మందుల చీటీ, చీటీ వెనక ఫోన్ నంబరు. పర్సు పోగొట్టుకున్నాయన రొయ్యల గుంట దగ్గర కాపలా మనిషి. వాడు ఫోన్ చేస్తాడు. కానీ పర్సులో వంద తగ్గింది, వాడి జేబులో ఇరవయ్యే ఉంది.

ఇక్కడ క్లాసు రెండుగా చీలింది. కొందరు ఒప్పుకోవాలన్నారు, కొందరు ఆయనకు లెక్క గుర్తుండదన్నారు. ఒక అమ్మాయి మాత్రం "ఆయన అడక్కపోతేనే ఇంకా కష్టం సార్" అంది. ముగింపు ఆ మాట నుంచే తీసుకున్నాను. ఆయన వచ్చి నోట్లు లెక్కపెట్టుకుంటాడు. మళ్ళీ ఒకసారి లెక్కపెడతాడు. పర్సు జేబులో పెట్టుకుని, "టీ తాగుతావా అబ్బయ్యా?" అంటాడు.

కుర్రాడు ఏమన్నాడో నేను రాయలేదు. ఆ రోజు ఇంటిపనిగా ఆ జవాబు పిల్లల్నే రాసుకు రమ్మన్నాను.