రెండు రియాక్షన్ వీడియోలు, రెండు స్ట్రైకులు: ఒకదానికి పోరాడొచ్చు, ఒకదానికి కుదరదు

ప్రశ్న: సార్, మాది అనంతపురం దగ్గర పల్లె. పురుగుమందుల అంగట్లో పనిచేస్తా, సాయంత్రాలు వ్యవసాయ వీడియోల మీద యూట్యూబ్‌లో రియాక్షన్లు చేస్తుంటా. ఒక పెద్ద ఛానల్ వాళ్ళ వేరుశనగ వీడియో మీద చేసిన రెండింటికీ ఒకే వారంలో కాపీరైట్ స్ట్రైకులు వేశారు. మొదటిదాంట్లో వాళ్ళ 14 నిమిషాల వీడియో మొత్తం ప్లే చేసి, మూల నేను కూర్చుని చూశా. రెండోది 21 నిమిషాలు, జిప్సం గురించి వాళ్ళు చెప్పింది తప్పని ఆపి ఆపి చెప్పా. రెండింట్లోనూ క్రెడిట్ ఇచ్చా, ఫెయిర్ యూజ్ అని రాశా. 20 వేలిస్తే తీసేస్తాం, లేకుంటే కోర్టుకు పోతాం అంటున్నారు. రియాక్షన్ చేసే హక్కు నాకు లేదా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు పంపిన ఫైళ్ళు రెండూ పూర్తిగా చూశాను. ముందు ఒక మాట, ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి వాదించొద్దు. అలా వాదిస్తే మొదటి వీడియో బలహీనత రెండోదాన్ని కూడా ముంచుతుంది.

మన దేశంలో ఈ విషయం 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52(1)(ఎ) కింద వస్తుంది. దాన్ని ఫెయిర్ డీలింగ్ అంటారు. సొంత వాడకానికి గానీ పరిశోధనకు గానీ, విమర్శకు లేదా సమీక్షకు గానీ, వర్తమాన వ్యవహారాల వార్తలకు గానీ ఒకరి పనిని న్యాయమైన మేరకు వాడుకుంటే అది ఉల్లంఘన కాదు. చట్టంలో రియాక్షన్ అనే మాటే లేదు. కాబట్టి హక్కు ఉందా లేదా అనేది మీ వీడియో పేరును బట్టి తేలదు, అందులో నిజంగా విమర్శ ఉందా అనేదాన్ని బట్టి తేలుతుంది.

మొదటి వీడియోలో మీ మాటలన్నీ కాగితం మీద రాసుకున్నాను. "అబ్బా, పంట సూపర్‌గా ఉంది చూడండి", "అన్న కరెక్ట్‌గా చెప్పినాడు", మధ్యలో ఒకసారి నవ్వు, చివర్లో సబ్‌స్క్రైబ్ చేయమని అడగడం. అంతే. ఇక్కడ నేను చేసే పరీక్ష చాలా మోటుది: వాళ్ళ వీడియో తీసేసి మీ మాటలు మాత్రం వినిపిస్తే చూసేవాడికి ఏమైనా మిగులుతుందా? ఏమీ మిగలదు. అదే తలకిందులు చేసి అడిగితే, మీ వీడియో చూసిన రైతు మళ్ళీ పోయి వాళ్ళది చూడాల్సిన పని ఉందా? లేదు, మొత్తం మీ దగ్గరే చూసేశాడు. వాళ్ళకు రావాల్సిన వ్యూ మీకొచ్చింది. దీన్ని విమర్శ అనలేం, మళ్ళీ ప్రసారం చేయడం అంటాం. మూలన ముఖం పెట్టినంత మాత్రాన పని మారిపోదు.

అన్నట్టు, మీరు వాళ్ళ వీడియోను అద్దంలో బొమ్మలా తిప్పి, కాస్త జూమ్ చేసి, చుట్టూ రంగుల అంచు పెట్టారు కదా, ఎవరో నేర్పి ఉంటారు. ఆటోమేటిక్ స్కాన్‌కు దొరకకుండా చేసే ఈ ట్రిక్కుల వల్ల కోర్టులో మంచి జరగదు సరికదా, తెలిసే చేశారనడానికి అదే సాక్ష్యం అవుతుంది. తెలిసి చేసిన ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మీ మీద క్రిమినల్ కేసు పెడతారని నేననను, కానీ ఆ అంచులు, తిప్పడాలు ఇంకెప్పుడూ చేయొద్దు.

రెండో వీడియో కథ వేరు. వాళ్ళు "కోతకు మూడు వారాల ముందు జిప్సం చల్లితే చాలు" అన్న చోట మీరు ఆపారు. ఒక మొక్కను పెరికి ఊడలు చూపించారు, ఊడ నేలలోకి దిగాక కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుందని, అందుకే పూత దశలో, ఊడలు దిగే వేళకు ఎకరాకు 200 కిలోలు మొదళ్ళ దగ్గర వేయాలని, ఆలస్యమైతే తాలు కాయలు మిగులుతాయని చెప్పారు. ఆ తర్వాతే మళ్ళీ వాళ్ళ క్లిప్పు. ఆరు చోట్ల ఇలాగే చేశారు. వాళ్ళ ముక్కలన్నీ కలిపితే నాలుగు నిమిషాలు, మిగతా పదిహేడూ మీవే. వాళ్ళ మాట వినిపించకుండా అది తప్పని ఎలా చెబుతారు? ఆ క్లిప్పులు అక్కడ ఉండాల్సిన అవసరం ఉంది. విమర్శ అంటే ఇదీ.

ఇలాంటివి తూచడానికి కేరళ హైకోర్టు 1996లో సివిక్ చంద్రన్ వర్సెస్ అమ్మిణి అమ్మ కేసులో మూడు ప్రశ్నలు పెట్టింది, ఇప్పటికీ మన కోర్టుల్లో వాటినే ఎత్తుతాం. చేసిన వ్యాఖ్యతో పోలిస్తే ఎంత తీసుకున్నారు, అందులో విలువైనది ఎంత? ఎందుకు తీసుకున్నారు? కొత్తది పాతదానికి పోటీ అవుతుందా? ఆ కేసులో ఒక పేరున్న మలయాళ నాటకాన్ని విమర్శిస్తూ ఇంకొకాయన ప్రతినాటకం రాశాడు. పాత నాటకంలోని సీన్లు, డైలాగులు చాలానే వాడాడు. అయినా కోర్టు అతని వైపే మొగ్గింది, ఎందుకంటే వాడుకున్నది పాతదాన్ని అనుకరించి ఆడుకోవడానికి కాదు, దాన్ని నిలదీయడానికి. మూడో ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. మీ విమర్శ చూసి జనం వాళ్ళ వీడియోను నమ్మడం మానేస్తే అది పోటీ కాదు. విమర్శ వల్ల పరువు తగ్గితే ఆ నష్టం వేరు. మీది చూస్తే వాళ్ళది చూడక్కర్లేదనిపించడమే పోటీ.

అమెరికాలో సరిగ్గా రియాక్షన్ వీడియోల మీదే ఒక తీర్పు వచ్చింది, 2017లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో, హొస్సేన్‌జాదే వర్సెస్ క్లైన్. 5 నిమిషాల 24 సెకన్ల వీడియోలో 3 నిమిషాల 15 సెకన్లు వాడుకున్నారు, అంటే సగం పైనే. కానీ ముక్కలు ముక్కలుగా, మధ్యలో తమ విమర్శను బారుగా పెట్టి, దాదాపు 14 నిమిషాల వీడియో చేశారు. అది న్యాయమైన వాడకమే అని జడ్జి అన్నారు. అదే తీర్పులో ఇంకో మాట కూడా అన్నారు: కొన్ని రియాక్షన్ వీడియోల్లో వ్యాఖ్య అంటూ ఏమీ ఉండదు, గుంపుగా కూర్చుని సినిమా చూసినట్టే ఉంటాయి, ఈ తీర్పు అలాంటివన్నీ న్యాయమైనవని చెప్పడం లేదు అని. మీ రెండు వీడియోలు ఆ గీతకు అటొకటి ఇటొకటి ఉన్నాయి. అది పరాయి దేశపు తీర్పు, ఇక్కడి జడ్జిని కట్టేయదు, కానీ చూపించడానికి పనికొస్తుంది.

అలాగని పది సెకన్లు వాడొచ్చు, ముప్పై సెకన్లు వాడొచ్చు అనే లెక్కలు నమ్మకండి, చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. క్రెడిట్ ఇచ్చామనేదీ అంతే, ఎవరి సొత్తో ఒప్పుకున్నట్టవుతుంది తప్ప అనుమతి తీసుకున్నట్టు కాదు. ఇక డిస్క్రిప్షన్‌లో మీరు అతికించిన ఇంగ్లీషు పేరా చూశాను. అందులో ఉన్న సెక్షన్ 107 అమెరికా చట్టంలోది. అది రాసినందువల్ల ఏ దేశంలోనూ వీడియోకు రక్ష రాదు.

ఒక లోపం మాత్రం ఉంది, రెండో వీడియోలోనూ. మొదట్లో నిమిషంన్నర పాటు వాళ్ళ డ్రోన్ షాట్లు, మ్యూజిక్‌తో సహా, అలాగే వదిలారు. దాని మీద మీరు ఒక్క మాటా అనలేదు. చూడ్డానికి బాగుందని పెట్టినట్టుంది. మీ కేసులో ఎదుటి లాయర్ పట్టుకునేది ఆ నిమిషంన్నరనే. మళ్ళీ అప్‌లోడ్ చేయాల్సి వస్తే ముందు దాన్ని కోసేయండి. మ్యూజిక్ హక్కులు మళ్ళీ ఇంకొకరివి కావచ్చు, ఆ తలనొప్పి వేరే.

ఇప్పుడు చేయాల్సింది చెబుతా. మొదటి వీడియోకు కౌంటర్ నోటిఫికేషన్, అంటే స్ట్రైక్ తప్పని యూట్యూబ్‌కు పెట్టే అభ్యంతరం, వేయొద్దు. డిలీట్ చేసినా స్ట్రైక్ పోదు. యూట్యూబ్ అడిగే కాపీరైట్ స్కూల్ పూర్తి చేసి 90 రోజులు ఆగితే అది గడువు తీరుతుంది, లేదా వాళ్ళు వెనక్కి తీసుకోవాలి. ఈలోగా మూడో స్ట్రైక్ పడితే ఛానలే పోతుంది కాబట్టి ఇదే తరహాలో చేసిన పాత వీడియోలు ఇంకా ఉంటే, వాటిని ఇవాళే తీసేయండి.

రెండోదానికి కౌంటర్ వేయండి, కానీ ఏం సంతకం పెడుతున్నారో తెలుసుకుని వేయండి. అందులో మీ అసలు పేరు, అడ్రస్ ఇవ్వాలి, అవి వాళ్ళకు చేరతాయి. చెప్పింది అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకోవాలి. అమెరికా బయట ఉన్నవాళ్ళు యూట్యూబ్ ఉన్న జిల్లా కోర్టు పరిధికి కూడా ఒప్పుకున్నట్టే. మీ కారణం సూటిగా రాయండి: ఏ నిమిషంలో వాళ్ళు ఏమన్నారు, మీరు ఏ విమర్శ చేశారు, ఆరు చోట్లూ ఒక్కో వాక్యంలో. అవతలివాళ్ళకు అమెరికా లెక్కలో 10 పని దినాలు ఉంటాయి. అప్పటిలోగా కోర్టుకు వెళ్ళినట్టు చూపించకపోతే మామూలుగా వీడియో తిరిగి వస్తుంది. ఆ డ్రోన్ షాట్ల భాగం గురించి మనసులో గుంజాటనగా ఉంటే కౌంటర్ మానేసి, కోసిన వీడియోను కొత్తగా పెట్టడం కూడా తప్పేం కాదు, పోయేది పాత వ్యూసే. కానీ ఈ రెండు స్ట్రైకులూ తీరాకే పెట్టండి, ముందే పెడితే వాళ్ళు మూడోది వేసే ప్రమాదం ఉంది.

20 వేల సంగతి. ఫోన్‌లో మాట్లాడకండి, ఏమున్నా వాట్సాప్‌లో గానీ మెయిల్‌లో గానీ పెట్టమనండి, స్క్రీన్‌షాట్లు దాచండి. మొదటి వీడియో వరకు వాళ్ళకు నిజంగా హక్కు ఉంది కాబట్టి రాజీకి డబ్బు అడగడం నేరమేమీ కాదు, ఆ ఒక్కదానికి ఎంతో కొంతకు బేరమాడి, స్ట్రైక్ వెనక్కి తీసుకున్నట్టు యూట్యూబ్ మెయిల్ వచ్చాకే డబ్బు ఇవ్వండి. రెండోదానికి మాత్రం రూపాయి ఇవ్వొద్దు. ఉల్లంఘనే లేని చోట కేసు వేస్తామని బెదిరిస్తే సెక్షన్ 60 ప్రకారం మీరే ఎదురు దావా వేసి, ఇది ఉల్లంఘన కాదని ప్రకటన, బెదిరింపులు ఆపమని ఆర్డరు, నష్టపరిహారం అడగొచ్చు. వాళ్ళు ఆలస్యం చేయకుండా నిజంగానే దావా వేసి నడిపితే ఈ సెక్షన్ మీకు పనికిరాదు. ఈ సంగతి ఒక లాయర్ నోటీసులో రాసి పంపిస్తే చాలాసార్లు గొంతు తగ్గుతుంది.

నిజంగా కోర్టుకు పోతే, కాపీరైట్ దావాలో వాళ్ళు తాము ఉండే ఊళ్ళోనే వేసుకునే వీలు సెక్షన్ 62 ఇస్తుంది, అనంతపురానికి రావాలనేమీ లేదు. సమన్లు ఎక్కడినుంచి వచ్చినా పక్కన పడేయకండి, అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి, కాబట్టి ఆ కవరు చేతికి రాగానే ఆ ఫైళ్ళు, స్క్రీన్‌షాట్లు తీసుకుని లాయర్ దగ్గరకు వెళ్ళండి.